పేరు నచ్చకపోతే ఎందుకో చెప్పు

అనంతపురం

అమ్మా,

నీ రెండో ఉత్తరం అందింది. నీ నవలలోని పెద్దావిడకు పేర్ల మూడో జాబితా పంపేముందు, పేర్లు అడిగినప్పుడు జవాబు ఎలా రాయాలో చెప్తాను. ఇది నీకు ఈ నవలకే కాదు, రేపు ఇంకెవరినైనా పేర్లు అడిగినా పనికొస్తుంది.

మొదటిసారి నువ్వు అడిగింది "పల్లెటూరి పెద్దావిడకు ఒక పేరు". నేను ఎనిమిది పంపాను: లక్ష్మీదేవి, సరస్వతమ్మ, నారాయణమ్మ, ఆదిలక్ష్మి, ఓబులమ్మ, సుంకులమ్మ, కుళ్ళాయమ్మ, పెద్దక్క. కావాలనే రకరకాలుగా కలిపాను. మొదటి జాబితాలోంచి పేరు దొరకడం తక్కువ. నీకేం కావాలో నీకూ నాకూ తెలియడానికే అది పనికొస్తుంది. దానికి నీ జవాబు: "అన్నీ బాగున్నాయి సార్, కానీ ఏదో తక్కువైంది. ఇంకో పది పంపండి."

ఆ మాటలో నేను పట్టుకోడానికి ఏమీ లేదు. ఇంకో పది రాసినా అవీ మొదటి ఎనిమిదిలాగే చీకట్లో బాణాలు. అందుకే ఫోన్ చేసి ఒక్కో పేరు గురించీ అడిగాను. అప్పుడు నువ్వు చెప్పినవి కాగితం మీద రాసి పెట్టుకున్నాను. చూడు, ఎంత సరుకుందో.

లక్ష్మీదేవి అంటే "ఆమె ఏ జిల్లాలోనైనా ఉంటుంది సార్, నార్పల వైపు మనిషని తెలీదు" అన్నావు. ఆ ఒక్క మాటతో లక్ష్మీదేవితో పాటు నారాయణమ్మ, ఆదిలక్ష్మి కూడా పోయాయి. నేను ఇంకా రాయని పేర్లు కూడా ఎన్నో పోయాయి. ఉత్త "వద్దు"తో పోయేది ఒక్క పేరే. కారణం చెప్తే ఆ వరసంతా పోతుంది. సరస్వతమ్మ గురించి "టీచరమ్మ పేరులా ఉంది" అన్నావు. అదీ అలాంటి కారణమే.

ఓబులమ్మ దగ్గర మాత్రం వేరే సంగతి. "మా పెద్దమ్మ పేరు సార్, రాస్తుంటే ఆమె మొహమే కనిపిస్తుంది" అన్నావు. ఇది పేరులో లోపం కాదు, నీ సొంత కారణం. దీన్ని దాచొద్దు, సిగ్గుపడొద్దు. నువ్వు ఉత్తగా "ఓబులమ్మ వద్దు" అని రాసి ఉంటే నేనేం అనుకునేవాణ్ణి? ఊరి దేవుళ్ళ మీద పెట్టుకున్న పేర్లు ఈ అమ్మాయికి నచ్చవు అనుకుని ఆ వరసంతా కొట్టేసేవాణ్ణి. నిజానికి నీకు బాగా నచ్చింది ఆ వరసే. సొంత కారణంతో ఒక పేరు వద్దంటే "ఇది నా సంగతి, ఈ రకం పేర్లు పర్లేదు" అని ఒక ముక్క కలుపు.

సుంకులమ్మను నువ్వు వద్దన్నది ఇంకో కారణంతో. అయిదో అధ్యాయంలో సుంకులమ్మ గుడి దగ్గర పెద్ద సీన్ ఉంది కాబట్టి దేవతెవరో మనిషెవరో చదివేవాళ్ళు తికమకపడతారు అన్నావు. మంచి కారణం. పేరుతో పేచీ లేదు, కథతో ఉంది. ఆ సీన్ మారితే ఆ పేరు మళ్ళీ లోపలికి రావచ్చు. అందుకే వద్దన్న పేర్లను చింపి పారేయొద్దు. ఒక పక్కన రాసి, ఎందుకు వద్దన్నావో దాని ఎదురుగా రాసుకో.

ఇక కుళ్ళాయమ్మ. నీ గొంతు మారింది ఆ పేరు దగ్గరే. "వినగానే గూగూడు కనిపించింది సార్" అన్నావు. ఆ వెంటనే రెండు భయాలు చెప్పావు. బయటి జిల్లాలవాళ్ళకు గూగూడు పీరు కుళ్ళాయిస్వామి ఎవరో తెలియదని ఒకటి, కుళ్ళు అనే మాట చెవిన పడుతుందేమోనని ఇంకొకటి. నచ్చిన పేరు దగ్గర ఇలా రెండూ చెప్పడం చాలా మంచిది. ఉత్తగా "కుళ్ళాయమ్మ బాగుంది" అని ఊరుకుంటే, నీకు అరుదైన పేర్లు కావాలేమో అనుకుని ఎక్కడా వినని పేర్లు ఏరి పంపేవాణ్ణి. నీకు నచ్చింది అరుదుగా ఉండడం కాదు, పేరులోంచి ఊరు కనపడడం. నచ్చిన పేరులో ఏ ముక్క నచ్చిందో చెప్పకపోతే ఎదుటివాడు ఇంకో ముక్క పట్టుకుని వెళ్ళిపోతాడు.

ఆ ఫోన్ తర్వాత నేను రాసుకున్నది నాలుగే మాటలు. 1955 ప్రాంతంలో పుట్టిన మనిషి. పేరు వింటే ఆ చుట్టుపక్కల దేవుడో పీరో తెలియాలి. కథలో వచ్చే దేవత పేరు కాకూడదు. వీధి చివరి నుంచి కేకేస్తే నోరు తిరగాలి. వీటిలో రెండోదీ మూడోదీ తప్పకుండా ఉండాలి, మిగతావి కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు అనుకున్నాను. ఏది తప్పనిసరో ఏది ఉంటే మేలో నువ్వే చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. షరతులన్నీ ఒకే బరువుతో పెడితే అన్నిటికీ సరిపడే పేరు దొరకదు.

దాన్నిబట్టి రెండో జాబితాలో ఆరు పంపాను: కదిరమ్మ, చౌడమ్మ, మస్తానమ్మ, హుసేనమ్మ, తిప్పక్క, మారెక్క. మద్దిలేటి స్వామి పేరు, ఉరుకుంద ఈరన్న పేరు వదిలేశాను. అవి కర్నూలు వైపు బాగా వినిపించే పేర్లు. నీ మనిషి పుట్టింది, మెట్టింది నార్పల పక్కనే కదా.

ఇప్పుడు నీ రెండో ఉత్తరం. "హుసేనమ్మ, తిప్పక్క బాగున్నాయి. చౌడమ్మ మోటుగా ఉంది. కదిరమ్మ ఓకే. మస్తానమ్మ, మారెక్క వద్దు." మొదటిదాని కంటే చాలా నయం. అయినా మూడు చోట్ల నేను ఆగిపోయాను.

ఒకటి, "మోటుగా ఉంది". పలకడానికి మోటా, మనిషి మోటుగా కనిపిస్తోందా? పలకడానికే అయితే కారణం ఆ పేరుతోనే ఆగిపోతుంది. మనిషి మోటుగా కనిపిస్తోందనుకుంటే అసలు సంగతి పేరులో లేదు. బోరు ఎండి, చెనక్కాయ పంట పోయి, మొగుడు పోయాక కొడుకుతో బెంగళూరు వెళ్ళి బేల్దారి పనిలో ఇటుకలు మోసిన మనిషి ఆమె. ఆమెకు పేరు పెట్టింది ఆమె అమ్మానాన్న, నువ్వు కాదు. ఆ ఇంట్లో ఆ కాలంలో ఏం పిలిచి ఉంటారో అదే పేరు. నీ చెవికి సొంపుగా ఉందా లేదా అన్నది ఆ తర్వాత మాట. మోటు, బరువు, పాతకాలం, కళ లేదు లాంటి మాటలు రాసినప్పుడల్లా దాని పక్కన "ఎందుకంటే" అని రాసి వాక్యం పూర్తి చెయ్యి. పూర్తి చేయలేకపోతే ఆ పేరు నిజంగా నచ్చలేదో, అలవాటు లేక అలా అనిపించిందో ఒక రోజు ఆగి చూడు.

రెండు, "ఓకే". ఇది నాకు ఎందుకూ పనికిరాలేదు. ఉంచాలో తీసేయాలో తెలియదు. కదిరమ్మను నేనే తీసేశాను. నీ మూడో అధ్యాయంలో ఊరంతా పీర్ల పండక్కి గూగూడు పోతుంది, కదిరి నరసింహస్వామి మాట నవలలో ఎక్కడా లేదు. పేరు ఒక గుడిని చూపిస్తే కథ ఇంకో చోటికి పోతుంది.

మూడోది, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది. మస్తానమ్మ వద్దు, హుసేనమ్మ బాగుంది అన్నావు. రెండూ ఒక రకం పేర్లే. మన పల్లెల్లో హిందువుల ఇళ్ళల్లోనూ మొక్కుకుని పెట్టుకునే పేర్లే. ఇలా దగ్గర దగ్గరగా ఉన్న రెంటిలో ఒకటి నచ్చి ఒకటి నచ్చకపోతే, తేడా ఎక్కడుందో వెతుకు. నీ అసలు ఇష్టం అక్కడే ఉంటుంది. నా ఊహ ఇది: పీర్ల పండుగ జరిగేది హుసేన్ పేరు మీద. కాబట్టి హుసేనమ్మ అనగానే నీ మూడో అధ్యాయం గుర్తొస్తుంది, మస్తానమ్మ అంటే రాదు. నా ఊహ తప్పయితే ఇప్పుడే చెప్పు, ఎందుకంటే మూడో జాబితా దాని మీదే నిలబడింది.

తిప్పక్క సంగతి కూడా అలాగే చూశాను. అలాంటి పేర్లు కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు ఎక్కువ, నార్పలకు అంత నప్పదు. కానీ మొదటి జాబితాలో పెద్దక్క గురించి "ఊరంతా పిలుస్తున్నట్టుంది" అన్నావు. ఇప్పుడు తిప్పక్క నచ్చింది. రెండు జాబితాల్లో నచ్చిన రెంటికీ ఉమ్మడిగా ఉన్నది చివరి "అక్క". నువ్వు పైకి చెప్పని షరతు ఇదే అనుకుంటున్నాను. దీనికి పేరు మార్చక్కర్లేదు. రేషన్ కార్డులో ఒక పేరు, ఊళ్ళో పిలిచే పిలుపు ఇంకొకటి. కథనంలో హుసేనమ్మ అని రాసి, మాటల్లో "ఉసేనక్కా" అనిపించు. అంతేగానీ రెండు పేర్లలో నచ్చిన ముక్కలు తెచ్చి అతికించొద్దు. అలా అతికించిన పేరు ఏ ఊళ్ళోనూ ఎవరికీ ఉండదు, అది ఇక్కడివాళ్ళు మొదటి పేజీలోనే పట్టేస్తారు.

ఇంకొకటి. ఊరు తెలియాలి అంటావు, బయటివాళ్ళకూ వెంటనే తెలియాలి అంటావు. ఈ రెండూ కొంతవరకే కలిసి నడుస్తాయి. రెండూ ఢీకొన్నప్పుడు ఏది వదులుకుంటావో నాకు రాయి. మధ్యలో కొత్త షరతు పుడితే "ఇది ఈసారి కొత్తగా అనిపించింది" అని రాయి. లేకపోతే పాత కారణాలతో పొసగక నేను తికమకపడతాను. చదివీ చదివీ "ఏదైనా సరే సార్" అనిపిస్తే ఆ రోజు జవాబు రాయొద్దు, జాబితా పక్కన పెట్టెయ్.

మూడో జాబితాలో మూడే పేర్లు: హుసేనమ్మ, కుళ్ళాయమ్మ, దస్తగిరమ్మ.

కుళ్ళాయమ్మను మళ్ళీ ఎందుకు తెచ్చానంటే, నీ రెండు భయాలూ పేరు విడిగా చూసినప్పుడు పుట్టినవి. పేరు వాక్యంలోకి వచ్చాక అవి ఉంటాయో పోతాయో ఇంకా తెలియదు. బయటివాళ్ళకు గూగూడు సంగతి మూడో అధ్యాయమే చెప్తుంది, దానికి వేరే వివరణ అక్కర్లేదు. హుసేనమ్మతో ఒక చిక్కుంది: కొడుకు పేరు హనుమంతు. ఇద్దరిదీ "హ"తోనే మొదలు. తల్లీకొడుకుల మాటలు పేజీల కొద్దీ ఉన్నాయి, కన్ను జారుతుంది. ఆ పేరు తీసుకుంటే కొడుకు పేరు మార్చాల్సి వస్తుంది, అందుకు నీకు ఇష్టమో కాదో చెప్పు. దస్తగిరమ్మ మన వైపు బాగా నలిగిన పేరే, కాకపోతే పిలవడానికి కాస్త పొడుగు.

ఈసారి జాబితా చూసి జవాబు రాయొద్దు. రెండు చోట్లు తీసుకో: మనవడు బస్సు దిగి దూరం నుంచి అవ్వను కేకేసే చోటు, బ్యాంకులో క్లర్కు పాస్‌బుక్కు చూసి ఆమె పూర్తి పేరు చదివే చోటు. ఒకటి నోటితో పిలిచేది, ఇంకొకటి కాగితం మీద చదివేది. ఆ రెండు చోట్లనూ మూడు పేర్లతోనూ రాసి, పైకి చదువు. తర్వాత ఒక్కో పేరుకు ఒక్కో వాక్యం రాయి, నచ్చిన ముక్క ఏది, అడ్డొచ్చిన ముక్క ఏది అని. ఆ పేజీలు కూడా ఉత్తరంతో పాటు పంపు, కొట్టివేతలతో సహా. ఈ ఆదివారం లోపు అందితే సోమవారం కూర్చుని చూస్తాను.

ఆశీస్సులతో,
మీ సార్