తూకంలో 96 కిలోలు, మందు లెక్కలో 68.5 కిలోలు: రెండూ సరైనవే

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 62 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 96 కిలోలు. షుగర్ ఉంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే ఆసుపత్రిలో చేర్చాం. క్రియాటినిన్ 1.2 ఉంది. అమికాసిన్ ఇంజెక్షన్ 1000 మిల్లీగ్రాములు 36 గంటలకోసారి ఇస్తున్నారు. కేస్ షీటులో ఏబీడబ్ల్యూ 68.5 కిలోలు, క్రియాటినిన్ క్లియరెన్స్ 53 అని రాశారు. ఫార్మసీలో పనిచేసే మా బంధువు ఈ మందు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున రోజూ ఇవ్వాలని, లెక్క ప్రకారం 1440 కావాలని అంటున్నారు. బరువు తప్పుగా రాసి డోసు తగ్గించారా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బరువు తప్పు రాయలేదు. ఆ 68.5 తూకంలో వచ్చిన సంఖ్య కాదు, ఎత్తునూ బరువునూ కలిపి లెక్కగట్టిన 'సవరించిన బరువు'. స్థూలకాయం ఉన్నవారికి అమికాసిన్ వంటి మందును లెక్కగట్టేటప్పుడు దీన్నే వాడతాం. మీ బంధువు చెప్పిన కిలోకు 15 మిల్లీగ్రాములన్న మాట నిజమే, కానీ ఏ కిలోలు అన్నది ముందు తేలాలి.

అమికాసిన్ నీటిలో కరిగే మందు కాబట్టి రక్తంలోను, కణాల చుట్టూ ఉండే ద్రవంలోను వ్యాపిస్తుంది గానీ కొవ్వులోకి పెద్దగా వెళ్లదు. అయితే కొవ్వు కణజాలంలోనూ కొంత నీరు, కొంత రక్తప్రసారం ఉంటాయి. పైగా ఒంట్లో కొవ్వు పెరిగినప్పుడు దాన్ని మోసే కండ కూడా కొంత పెరుగుతుంది. అందువల్ల అదనపు బరువు మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే మందు ఎక్కువైపోతుంది, అసలు తీసుకోకపోతే తక్కువైపోతుంది. ఆ అదనంలో 40 శాతాన్ని మాత్రమే కలుపుకోవడం ఈ రెండింటికీ మధ్య అనుభవంతో, పరిశీలనలతో కుదిరిన మార్గం.

లెక్క మొదలయ్యేది ఎత్తుతో. 1974లో డివైన్ అనే ఆయన, అమికాసిన్ కోవకే చెందిన జెంటామైసిన్ డోసుల సందర్భంలో ఇచ్చిన సూత్రం ప్రకారం, స్త్రీలకు 5 అడుగుల వరకు 45.5 కిలోలు, ఆపైన ప్రతి అంగుళానికి 2.3 కిలోలు కలిపితే 'ఆదర్శ బరువు' వస్తుంది. పురుషులకైతే 45.5 బదులు 50తో మొదలుపెడతాం. మీ అమ్మగారికి 5 అడుగుల పైన 2 అంగుళాలు ఉన్నాయి కనుక 45.5కు 4.6 కలిపితే 50.1 కిలోలు. తూకపు బరువు ఆదర్శ బరువు కంటే 20 శాతానికి మించి ఎక్కువ ఉంటే సవరణ చేయడం సాధారణంగా పాటించే పద్ధతి. ఆవిడకు ఆ హద్దు సుమారు 60 కిలోలు, ఉన్నది 96, కాబట్టి సవరణ తప్పదు.

సవరించిన బరువు = ఆదర్శ బరువు + 0.4 × (తూకపు బరువు − ఆదర్శ బరువు)

96 నుంచి 50.1 తీసేస్తే 45.9. అందులో 40 శాతం 18.4. దాన్ని 50.1కి కలిపితే 68.5 కిలోలు. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 1027 వస్తుంది కాబట్టి, 500 మిల్లీగ్రాముల వయల్స్ రెండు సరిపోయేలా 1000కి కుదించారు.

ఇదే బరువు రెండోసారి, మూత్రపిండాలు రక్తాన్ని ఎంత వేగంగా శుభ్రం చేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ లెక్కలోకీ వస్తుంది. మోతాదు ఎంత అన్నదానికి తోడు, ఎన్ని గంటలకోసారి అన్నదీ దానిమీదే ఆధారపడుతుంది. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం, కొవ్వు దాన్ని తయారుచేయదు. కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో ప్రచురించిన సూత్రంలో బరువు ఉన్నది ఒంట్లో ఎంత కండ ఉందో అంచనా వేయడానికే. అందులో 96 వేస్తే, కొవ్వును కూడా కండగా లెక్కించినట్టవుతుంది.

క్రియాటినిన్ క్లియరెన్స్ = (140 − వయసు) × బరువు ÷ (72 × క్రియాటినిన్), స్త్రీలకు × 0.85

మీ అమ్మగారి వయసు తీసేస్తే 78, దాన్ని 68.5తో గుణించి 86.4తో భాగిస్తే 61.8, దానికి 0.85 వేస్తే నిమిషానికి 53 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ. అదే 96తో లెక్కిస్తే 74, 50.1తో లెక్కిస్తే 38 వస్తాయి. ఒకే మనిషి, ఒకే రక్తపరీక్ష, కానీ ఏ బరువు వేశామన్నదాన్ని బట్టి జవాబు దాదాపు రెట్టింపు మారిపోయింది. ఎక్కువ విరామంతో పెద్ద డోసు ఇచ్చే పద్ధతిలో ఈ క్లియరెన్స్ 60కి తగ్గకపోతే 24 గంటలకు, 40 నుంచి 59 మధ్య అయితే 36 గంటలకు, 20 నుంచి 39 మధ్య అయితే 48 గంటలకు ఇవ్వడం చాలాచోట్ల పాటించే నియమం. మీ బంధువు చెప్పినట్టు చేసి ఉంటే 1440 మిల్లీగ్రాములు 24 గంటలకోసారి పడేవి. అంటే మోతాదు పెరిగి, మధ్య విరామం తగ్గి, మూడు రోజుల్లో 2000 వెళ్లాల్సిన చోట 4320 వెళ్లేవి. ఈ మందు అధికమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, అవి చాలామందికి కోలుకుంటాయి. లోపలి చెవికి కలిగే నష్టం మాత్రం తరచు శాశ్వతంగా మిగిలిపోతుంది. అందుకే ఈ జాగ్రత్త విషయంలో నేను రాజీపడను.

ఒక ప్రమాదం మాత్రం నన్ను నిజంగా కలవరపెడుతుంది. ఏబీడబ్ల్యూ అనే పొట్టి మాటను కొందరు సవరించిన బరువుకు, కొందరు తూకపు బరువుకు వాడతారు. డ్యూటీ మారినప్పుడు వచ్చినవారు దాన్ని తూకపు బరువనుకుని మళ్లీ 96తో లెక్కవేసే అవకాశం ఉంది. షీటులో రెండు బరువులూ, వాటి పేర్లూ పూర్తిగా రాసి ఉన్నాయేమో చూసి, లేకపోతే రాయించండి. అన్ని మందులకూ 68.5నే వాడమని కూడా అడగవద్దు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపరిన్‌ను చికిత్స మోతాదులో ఇచ్చేటప్పుడు తూకపు బరువుతోనే లెక్కిస్తారు, వాంకోమైసిన్ మొదటి డోసూ అలాగే.

ఈ లెక్కకు హద్దులున్నాయి. క్రియాటినిన్ రెండు మూడు రోజులుగా నిలకడగా ఉన్నప్పుడే సూత్రం పనిచేస్తుంది. నిన్న 1.2 ఉన్నది ఈ రోజు 1.8 అయిందంటే, లెక్కలో వచ్చే సంఖ్య కంటే అసలు పనితీరు చాలా తక్కువే ఉంటుంది, ఎందుకంటే రక్తంలో ఇంకా పేరుకుంటున్న దశ అది. కాళ్లకూ పొట్టకూ నీరు చేరి బరువు పెరిగి ఉంటే, ఆ పెరిగినది కొవ్వు కాదు, నీరు. అమికాసిన్ అందులోకి వెళుతుంది కాబట్టి 0.4 అన్న అంచనా కుదరదు. మన ఇళ్లలో చాలామంది అమ్మమ్మలు, నాయనమ్మలు 5 అడుగులకు లోపే ఉంటారు. డివైన్ సూత్రం 5 అడుగుల నుంచే మొదలవుతుంది గనుక, వారి విషయంలో లెక్క కంటే డాక్టరు నిర్ణయానికే ఎక్కువ చోటు ఉంటుంది. బక్కపలచగా ఉండి ఆదర్శ బరువుకన్నా తక్కువ తూగేవారికి ఏ సవరణా అక్కర్లేదు, తూకపు బరువే వేస్తాం.

కాబట్టి ఈ లెక్కను ఆరంభంగా మాత్రమే తీసుకోవాలి. ఆ తర్వాత నడిపించేవి పరీక్షలు. అమికాసిన్ సాగుతున్నన్నాళ్లూ రెండు మూడు రోజులకోసారి క్రియాటినిన్ చూస్తున్నారా అని అడగండి. మందు స్థాయి పరీక్ష మీ ఆసుపత్రిలో దొరికితే, తర్వాతి డోసుకు ముందు తీసిన రక్తంలో మందు దాదాపు మిగలకుండా ఉండాలి. మిగిలి ఉంటే మోతాదు తగ్గించేకంటే ముందు విరామం పెంచుతారు. చెవుల్లో హోరు, మాట సరిగా వినిపించకపోవడం, నడిచేటప్పుడు తూలడం, మూత్రం తగ్గడం వీటిలో ఏది కనిపించినా తర్వాతి ఇంజెక్షన్ పడకముందే డ్యూటీ డాక్టరుకు చెప్పండి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ వంటి మాత్రలు బయటి నుంచి తెచ్చి ఇవ్వకండి.