అక్కడ బాగా అమ్ముడయ్యే వస్తువు ఇక్కడ దొరకడం లేదు: పొదుపు సొమ్ము పెట్టవచ్చా?

ప్రశ్న: బ్రిటన్‌లో ఉంటున్న మా అక్క ఇంట్లో తడి బట్టలు ఆరేసే కరెంటు స్టాండు చూశాను. చలికాలంలో అక్కడ తెగ కొంటారట. మా దగ్గర ఏ దుకాణంలోనూ లేదు. నా పొదుపులో సగం పెట్టి 300 స్టాండ్లు తెప్పించి ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాను. ఫ్యాక్టరీ ధరకు రెండున్నర రెట్లకు అమ్మినా జనం కొంటారనిపిస్తోంది. దిగమంటారా?

జవాబు: ఇప్పుడే 300 వద్దు. ముందు 30 తెప్పించండి. అదైనా రెండు సంగతులు తేలాకే. ఆ వస్తువు మీ దగ్గర ఇన్నాళ్లూ ఎందుకు రాలేదన్నది ఒకటి, మీ గోదాముకు చేరేసరికి ఒక్కోటి అసలు ఎంతకు పడుతుందన్నది రెండోది.

మార్కెట్లో ఒక వస్తువు లేదంటే ఎవరి కంటా పడలేదని అర్థం కాదు. చాలాసార్లు ఎవరో చూసి, లెక్క వేసుకుని వదిలేసి ఉంటారు. అందుకే అక్కడ ఎందుకు అమ్ముడవుతోందో ముందు పట్టుకోవాలి. బ్రిటన్‌లో చలికాలమంతా చల్లగా, తేమగా ఉంటుంది. చాలా ఇళ్లలో బట్టలు లోపలే ఆరేసుకోవాలి. వేడిగాలి డ్రయ్యర్ కరెంటు ఎక్కువ తాగుతుంది. ఈ స్టాండు సుమారు 300 వాట్లతో నడుస్తుంది. ఈ మూడు కారణాల్లో మీ దగ్గర ఎన్ని ఉన్నాయో, ఏడాదిలో ఎన్ని నెలలు ఉంటాయో కాగితం మీద రాయండి. ఎండ, డాబా, దండెం ఉన్నచోట ఈ స్టాండుకు పోటీ ఇంకో యంత్రం కాదు, ఖర్చు లేని ఎండ.

గూగుల్ ట్రెండ్స్‌లో `heated clothes airer` అని కొట్టి, దేశం బ్రిటన్, కాలం ఐదేళ్లు అని పెట్టండి. వెతుకులాట ఏటా చలి నెలల్లో లేచి, వేసవిలో పడిపోతుంది. అంటే ఇది కొద్ది నెలల సరుకు. ఒక జాగ్రత్త: ఆ గీతలో కనిపించే 100 అమ్మకాల సంఖ్య కాదు, ఆ కాలంలో వెతుకులాట గరిష్ఠంగా ఉన్న స్థాయి మాత్రమే.

తర్వాత అక్కడి అమ్మకపు సైట్లలో సమీక్షలు చదవండి. ఐదు స్టార్లవీ ఒక స్టారువీ పక్కన పెట్టి, మూడు స్టార్లవి ఒక యాభై చదివితే వస్తువు నిజస్వరూపం తెలుస్తుంది. రాత్రంతా పట్టింది, గది చెమ్మగిల్లింది అన్న ఫిర్యాదులు వస్తే ఆశ్చర్యపోకండి. బట్టల్లో 2 లీటర్ల నీరుంటే, అది ఆవిరవడానికే దాదాపు 1.35 యూనిట్ల వేడి కావాలి. 300 వాట్ల స్టాండు వేడి మొత్తం బట్టలకే పట్టినా నాలుగున్నర గంటలవుతుంది. నిజంగా అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ నీరంతా గది గాలిలోకే చేరుతుంది. గాలిలో ముందే తేమ ఎక్కువుంటే ఇంకా నెమ్మది. ఈ సంగతి ప్రకటనలో చెప్పకుండా అమ్మితే పెట్టెలు వెనక్కి వస్తాయి.

ఆ వస్తువు మీ దగ్గర లేకపోవడానికి ఇంకో కారణం నిబంధనలు కావచ్చు. కరెంటు వస్తువు కాబట్టి మీ దేశపు భద్రతా ధ్రువీకరణ తప్పనిసరేమో కనుక్కోండి. బట్టలు ఆరబెట్టే పరికరాల భద్రతకు IEC 60335-2-43 అనే ప్రమాణం ఉంది. మీరు కొనే మోడల్‌కే ఆ పరీక్ష నివేదిక ఉందా అని ఫ్యాక్టరీని అడగండి. పెట్టె మీద CE గుర్తు చూసి తృప్తి పడకండి. ఈ తరహా వస్తువులకు అది తయారీదారు తానే ఇచ్చుకునే హామీ, అదీ యూరప్ నిబంధనల కోసం. కొన్ని దేశాల్లో ధ్రువీకరణకు ఫ్యాక్టరీయే దరఖాస్తు చేయాలి. 300 పెట్టెల కోసం ఏ ఫ్యాక్టరీ ఆ శ్రమ పడదు. మీ దగ్గర ఆ వస్తువు లేకపోవడానికి కారణం అదే అయితే, అక్కడితో ఆపేయండి.

ఇక ఖర్చు. మడిచిన స్టాండు పెట్టె 70×60×12 సెంటీమీటర్లు, బరువు 5 కిలోలు అనుకుందాం. కొరియర్లు సాధారణంగా ఘనపరిమాణాన్ని 5000తో భాగించి బరువు కడతాయి. 50,400ను భాగిస్తే 10 కిలోలు దాటుతుంది. అంటే 5 కిలోల వస్తువుకు 10 కిలోల కిరాయి. అందుకే నమూనాలు మాత్రమే గాల్లో, సరుకు సముద్రం మీద. ఓడలో ఒక ఘనపు మీటరుకు సుమారు 19 పెట్టెలు పడతాయి.

సుంకం శాతం కస్టమ్స్ కోడ్‌ను బట్టి ఉంటుంది. ఈ స్టాండును విద్యుత్తుతో వేడెక్కే గృహోపకరణాల కింద 8516లో పెట్టాలా, బట్టలారబెట్టే యంత్రాల కింద 8451లో పెట్టాలా అన్న అనుమానం సహజం. ఏజెంటు మాట మీద ఆధారపడకుండా కస్టమ్స్ నుంచి ముందస్తు రూలింగ్ రాతపూర్వకంగా తీసుకోండి. సరుకు రేవులో ఉండగా కోడ్ మారితే సుంకంతోపాటు నిల్వ చార్జీలూ మీద పడతాయి.

ఇప్పుడు మీ రెండున్నర రెట్ల లెక్క చూద్దాం. నేను వేసే అంకెలు నమూనాకే, మీరు కొటేషన్లు తెప్పించి మార్చుకోండి. ఫ్యాక్టరీ ధర 100. ఓడ కిరాయి, బీమా 20. ఆ 120 మీద సుంకం 20 శాతం, అంటే 24. క్లియరింగ్, రేవు నుంచి లారీ 16. గోదాముకు చేరేసరికి 160. సుంకం కాక దిగుమతి మీద కట్టే పన్ను తర్వాత వెనక్కి వచ్చినా, అప్పటిదాకా ఆ సొమ్ము మీ జేబులోంచే పోతుంది.

250కి అమ్మితే సైట్ కమిషన్ 15 శాతం, ప్రకటనలు 10 శాతం, వాపసులకు 5 శాతం, కలిపి 75. ఇంటికి చేర్చడానికి 20. మొత్తం ఖర్చు 255. పెట్టె అమ్మిన ప్రతిసారీ 5 నష్టం. అమ్మకం ధరలో 20 శాతం మిగలాలంటే 360కి అమ్మాలి. కాబట్టి జనాన్ని అడగాల్సిన ధర రెండున్నర రెట్లు కాదు, మూడున్నర రెట్ల పైమాటే.

నాకు ఇంతకన్నా ఎక్కువ బెంగ కలిగించేది కాలం. ఫ్యాక్టరీలు సాధారణంగా 30 శాతం ముందుగా, మిగతా 70 సరుకు ఓడ ఎక్కేముందు అడుగుతాయి. తయారీకి నెల, ప్రయాణానికి నెల పైన, క్లియరింగ్‌కు వారం పది రోజులు, అమ్మకానికి మూడు నెలలు. మొదటి చెల్లింపు నుంచి డబ్బు పూర్తిగా తిరిగి రావడానికి ఆరు నెలలు. సీజన్‌కు నెల ఆలస్యమైతే మిగిలిన సరుకు మళ్లీ ఏడాదికి గానీ కదలదు. సరుకు బాగా అమ్ముడైనా చిక్కే: మొదటి డబ్బు చేతికి రాకముందే రెండో ఆర్డర్‌కు అడ్వాన్సు కావాలి. సగం పొదుపు మొదటి విడతకే పోస్తే ఆ అడ్వాన్సుకు మిగతా సగంలో చెయ్యి పెడతారు.

కనుక ఇలా చేయండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, కట్టాల్సిన వాయిదాలు పక్కన పెట్టాక మిగిలినదానిలో పదో వంతు దీనికి కేటాయించండి. అందులో మొదట 3 నమూనాలు తెప్పించి, ఒకదాన్ని రెండు వారాలపాటు రోజూ నడపండి. అతుకులు, తీగ వేడెక్కడం, ప్లగ్గు మీ సాకెట్‌కు సరిపోవడం చూడండి. తర్వాత సీజన్ మొదట్లో 30, అసలు ధర 360కే, మీకు పరిచయం లేనివాళ్లకు అమ్మండి. ఈ 30 మీద నష్టం వచ్చినా అది ముందే అనుకున్న ఖర్చు. ఐదు వారాల్లో 25 కదిలి, వాపసులు రెండు దాటకపోతే 100కి ఆర్డర్ ఇవ్వండి. అప్పుడు కూడా అంతే మొత్తం రెండో విడతకు విడిగా ఉండాలి. తగ్గింపు ఇస్తే తప్ప కదలకపోతే, ఆ 30ని వచ్చిన ధరకు వదిలించుకుని మిగతా సొమ్ము ఎక్కడుందో అక్కడే ఉంచండి.