మంచం కిర్రుమంటేనే మామ ఉన్నట్టు

ఒంగోలు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రేడియో నాటిక రెండుసార్లు చదివాను. కథ బాగుంది. కొత్తపట్నం ఒడ్డున ఒక గుడిసె, వేటకు పోయిన పడవ కోసం ఎదురుచూసే వెంకమ్మ, ఆమె కొడుకు శీను, మంచం మీద ముసలి మామ. కానీ మొదటి రంగం నువ్వు కంటితో చూస్తూ రాశావు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ రంగం గురించే.

నీ మొదటి సూచన ఇది: ‘అలల హోరు, ఈదురుగాలి, కుక్క అరుపు, దూరంగా పడవ ఇంజను.’ నాలుగూ కలిసి మోగితే వినేవాడికి ఒక రొద తప్ప ఏమీ మిగలదు. పైగా అలల హోరుకు ఒక చిక్కుంది. చిన్న రేడియోలో, ఫోన్ స్పీకర్లో అది స్టేషన్ సరిగా దొరకనప్పటి బుస లాగే వినిపిస్తుంది. వాన చప్పుడూ అంతే, నూనెలో ఏదో వేగుతున్నట్టుంటుంది. అందుకే శబ్దం పక్కన దాన్ని గుర్తుపట్టించే మాట ఒకటి ఉండాలి. అల ఒక్కదాన్నే మూడు నాలుగు సెకన్లు వినిపించి, మాట మొదలవగానే కిందికి దించు. పూర్తిగా ఆపొద్దు, ఆపితే సముద్రం ఎండిపోయినట్టుంటుంది. కుక్కను తీసెయ్యి. ఇంజను కథకు ప్రాణం కాబట్టి రంగం చివరికి దాచుకో.

ఇక దూరం. ‘శీను బయటి నుంచి లోపలికి వస్తాడు’ అని రాసి వదిలేశావు. రేడియోలో రావడమంటే మైకు దగ్గరికి రావడమే. మామూలు సంభాషణకు నటుడు మైకుకు జానెడు, జానెడున్నర దూరంలో ఉంటాడు. మనసులో మాటైతే నాలుగు వేళ్ల దూరానికి వచ్చి, గొంతు తగ్గించి చెబుతాడు. గుమ్మం దగ్గర మనిషి నాలుగైదు అడుగుల అవతల నిలబడి, మాట్లాడుతూ నడిచి రావాలి. రికార్డు చేశాక వాల్యూమ్ తగ్గిస్తే సరిపోదా అంటావేమో, సరిపోదు. దూరం నుంచి వచ్చే గొంతులో గది గోడల మార్మోగు ఎక్కువ, నేరుగా వచ్చే గొంతు తక్కువ. దగ్గర రికార్డు చేసిన గొంతును ఎంత తగ్గించినా ఆ పాళ్లు మారవు. మనిషి దూరంగా ఉన్నట్టుండదు, దగ్గరే నిలబడి గొణిగినట్టుంటుంది.

దూరానికి ఇంకో అర్థం కూడా ఉంది. ఎవరి గొంతు మైకు దగ్గర నిలకడగా ఉంటే వినేవాడు వాళ్ల పక్కన ఉన్నట్టు. వెంకమ్మ దగ్గరగా ఉండి శీను నడిచి వస్తే, ఎదురుచూపు ఆమెది. శీను దగ్గరుండి అమ్మ గొంతు క్రమంగా దగ్గరవుతుంటే, మనం వాడితోపాటు ఇంటికొస్తున్నట్టు. నీ కథ వెంకమ్మది కదా, మైకు ఆమెకివ్వు.

అసలు పెద్ద లోపం మామ. మొదట్లో ఒక మాటన్నాడు, మళ్లీ పన్నెండో మాట దాకా నోరు విప్పలేదు. ‘మామ తలూపాడు’ అని మధ్యలో రాశావు, కానీ తలూపితే వినపడదు. ఐదారు మాటల పాటు గొంతు వినపడకపోతే ఆ మనిషి గదిలో లేడనే వినేవాళ్లు అనుకుంటారు. తర్వాత హఠాత్తుగా మాట్లాడితే ఎవరో కొత్తవాడొచ్చాడని తికమకపడతారు. అలాగని పనిలేని మాటలు పెట్టొద్దు. ఒక దగ్గు, నులకమంచం కిర్రుమనడం, లేదా ఎవరో ఆయన్ని పిలవడం చాలు.

ఇట్లా తిరగరాసి చూడు:

(అల. తగ్గి, వెనక సాగుతుంది.)
వెంకమ్మ (దగ్గరగా): ఇయ్యాల అల గట్టుమీదికొస్తా ఉంది మామా.
(మంచం కిర్రు. దగ్గు.)
శీను (దూరం నుంచి, గట్టిగా): అమా! తలుపు తియ్యి!
(గడియ. అల ఒక్కసారి పెరుగుతుంది.)
వెంకమ్మ: పడవ కనపడిందంట్రా?
శీను (దగ్గరికొస్తూ): లేదుమా.
(తలుపు మూత. అల తగ్గుతుంది. మంచం కిర్రు.)

తలుపు తీస్తే అల పెరగడం, మూస్తే తగ్గడం చూశావా? గుడిసె లోపలేదో బయటేదో దాంతోనే తెలిసిపోయింది. శీను చేత ‘గట్టిగా’ అనిపించింది కూడా అందుకే. హోరులో మామూలు గొంతుతో మాట్లాడితే సముద్రం అబద్ధమవుతుంది. చివర్లో మామ మాట్లాడలేదు, కానీ విన్నాడని తెలిసింది.

ఇక్కడి నుంచి తెల్లవారి రేవుకు పోవాలన్నావు. అల మెల్లగా పూర్తిగా తగ్గి, ఒక సెకను ఆగి, రేవు సందడి మెల్లగా పెరిగితే రాత్రి గడిచిందని అర్థం. ఒకటి తగ్గుతుండగానే రెండోది దానిలో కలిసి పెరిగితే, జ్ఞాపకంలోకి పోయామనో, అదే సమయంలో మరో చోట జరుగుతోందనో అనుకుంటారు. టక్కున తెంచి అతికిస్తే ఒక మాటకు మరో చోట జవాబొచ్చినట్టుంటుంది. ఒక నాటికలో ఒక్కో పద్ధతికి ఒకే అర్థం ఉంచు. నువ్వు మెల్లగా తగ్గించడాన్ని మూడో రంగంలో రాత్రి గడవడానికి, ఐదో రంగంలో జ్ఞాపకానికి వాడావు. అందుకే ఐదో రంగంలో చనిపోయిన అన్న మాట్లాడితే బతికొచ్చాడనిపించింది.

తిరగరాశాక ఇద్దరు ముగ్గురి చేత చదివించి ఫోన్లో రికార్డు చెయ్యి. కథ తెలియనివాళ్లకు వినిపించి, బాగుందా అని అడగొద్దు. గుడిసెలో ఎంతమంది ఉన్నారు, ఎవరు ఎక్కడున్నారు అని అడుగు. ఇద్దరే అన్నారంటే, మామ ఏ మాట దగ్గర మాయమయ్యాడో వెతికి అక్కడ మంచాన్ని ఒకసారి కిర్రుమనిపించు.