డిపోజిషన్ సమ్మరీ కోర్సుకు డబ్బు కట్టే ముందు

"మాది పర్లాకిమిడి. మా అమ్మాయి బరంపురంలో లా చివరి ఏడాది చదువుతోంది. అమెరికా లాయర్లకు సాక్షుల డిపోజిషన్లు సమ్మరీ చేసి పంపే పని ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చట. నలభై వేలు కట్టి ఆన్‌లైన్ కోర్సులో చేరతానంటోంది. కోర్టుల చుట్టూ తిరిగేకన్నా ఇదే నయమని మాకూ అనిపిస్తోంది. కానీ దాని ఇంగ్లీషు ఆ పనికి ఆనుతుందా అని భయం. ఈ కోర్సు మంచిదా, ఇక్కడే ఎవరి దగ్గరైనా జూనియర్‌గా చేరడం మంచిదా?"

ముందు ఇంగ్లీషు సంగతి. డిపోజిషన్ అంటే కోర్టు బయట, ప్రమాణం చేయించి సాక్షిని అడిగిన ప్రశ్నలు, అతను చెప్పిన జవాబులు. స్టోర్ మేనేజరు, లారీ డ్రైవరు, నర్సు లాంటివాళ్లు మాట్లాడే మాటలే అందులో ఉంటాయి. వాటిని చదివి అర్థం చేసుకోవడానికి లా చివరి ఏడాది పిల్లకున్న ఇంగ్లీషు చాలు. రాయాల్సినదీ చిన్న చిన్న వాక్యాలే. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన పిల్లకు ఎవరు ఏ మాట ఏ ఉద్దేశంతో అన్నారో పట్టుకునే చెవి ఉంటుంది. ఈ పనికి కావలసింది అదే. ఆ భయం వదిలేయండి.

కష్టం ఇంకోచోట ఉంది. ఒక కేసు అనుకుందాం. కిరాణా స్టోరులో పాల ఫ్రిజ్ ముందు తడి నేల మీద ఒకావిడ మధ్యాహ్నం 2.40కి జారిపడింది. స్టోరు మీద దావా వేసింది. ఆవిడ లాయరు స్టోరు మేనేజరును రోజంతా ప్రశ్నించాడు. ఆ ప్రశ్నలు, జవాబుల రాతప్రతి, అంటే ట్రాన్స్‌క్రిప్టు 180 పేజీలు వచ్చింది. పేజీకి 25 లైన్లు, ప్రతి లైనుకూ ఎడమ పక్కన నంబరు. దాన్ని విషయాల వారీగా కుదించి, ప్రతి మాటా ఏ పేజీ ఏ లైనులో ఉందో చూపమని ఆ లాయరు మీ అమ్మాయికి పంపాడు.

41వ పేజీలో 18వ లైను దగ్గర "నేల తడిగా ఉందని మీకెప్పుడు తెలిసింది?" అని ప్రశ్న. 20వ లైనులో "రెండున్నర ప్రాంతంలో అనుకుంటా" అని జవాబు. కొత్తవాళ్లు ఇక్కడే "మేనేజరుకు 2.30కి తెలిసింది, పే. 41" అని రాసేసుకుని ముందుకెళ్లిపోతారు. భోజనాల విరామం తర్వాత 88వ పేజీలో అసలు విషయం వస్తుంది. డ్యూటీ ఎక్కగానే ఎవరైనా ఏమైనా అన్నారా అని 4, 5 లైన్లలో అడిగారు. 6వ లైనులో స్టోరు లాయరు ప్రశ్న రూపం మీద అభ్యంతరం చెప్పాడు. 7 నుంచి 9 వరకు "స్టాకు కుర్రాడు ఫ్రిజ్ దగ్గర ఏదో కారుతోందన్నాడు" అని జవాబు. 10వ లైనులో టైమెంతని అడిగితే, 11లో "రెండు" అన్నాడు. చివర్లో 131వ పేజీ, 15 నుంచి 22 లైన్లలో స్టోరు లాయరే తన సాక్షిని సర్దుబాటు చేసే ప్రశ్నలు వేశాడు. "కారింది కూరగాయల వరుసలో అని నాకిప్పుడు గుర్తొస్తోంది" అని మేనేజరు మాట మార్చాడు.

కేసంతా ఈ మూడు చోట్ల మీదే ఆధారపడి ఉంది. రెండున్నరకు తెలిస్తే నేల తుడవడానికి స్టోరుకు దొరికింది పది నిమిషాలే. రెండింటికే తెలిస్తే నలభై నిమిషాలు. అందుకే సమ్మరీలో "తడి సంగతి ఎప్పుడు తెలిసింది" అని ఒకే శీర్షిక పెట్టి, ఈ మూడింటినీ కింద పక్కపక్కన ఇలా చేర్చాలి:

"2.30 ప్రాంతంలో అని అనుకుంటున్నాడు, 41:18-20. డ్యూటీ ఎక్కినప్పుడు, 2 గంటలకు, ఫ్రిజ్ దగ్గర ఏదో కారుతోందని స్టాకు కుర్రాడు చెప్పాడు, 88:4-11, అభ్యంతరం 88:6. తమ లాయరు అడిగినప్పుడు, కారింది కూరగాయల వరుసలో అని 'ఇప్పుడు గుర్తొస్తోంది' అన్నాడు, 131:15-22."

ఇందులో ఏది నిజమో మీ అమ్మాయి తేల్చకూడదు. "అనుకుంటా", "ఇప్పుడు" అన్న మాటలు తీసేయకూడదు. సాక్షి "గుర్తులేదు" అంటే "లేదు" అని రాయకూడదు, ఆ రెంటికీ కోర్టులో చాలా తేడా ఉంది. రెఫరెన్సు కూడా ప్రశ్న మొదలైన లైను నుంచి జవాబు ముగిసిన లైను దాకా ఇవ్వాలి. ఉత్త "అవును" ఉన్న లైను ఒక్కటి చూపిస్తే దేనికి అవునో లాయరుకు తెలియదు. విచారణలో ఇదే సాక్షి బోనులో నిలబడి "మాకు రెండున్నరకే తెలిసింది" అంటే, లాయరు అప్పటికప్పుడు 88వ పేజీ తీసి పైకి చదువుతాడు. లైను నంబరు తప్పితే జడ్జీ ముందు నవ్వులపాలయ్యేది ఆయన. తర్వాతి ట్రాన్స్‌క్రిప్టు మీకు రాదు.

ఈ మూడింటినీ ఎలా పట్టుకోవాలి? మొదట దావా పత్రం చదవాలి. ఏ విషయం మీద తగాదా ఉందో తెలియకుండా శీర్షికలు పెట్టలేం. తర్వాత ట్రాన్స్‌క్రిప్టు ఒకసారి ఏమీ రాయకుండా చదివి, పది పదిహేను శీర్షికలు అనుకోవాలి. రెండోసారి వరుసగా చదువుతూ ఎక్సెల్‌లో ఒక్కో సంగతికి ఒక్కో వరుస రాయాలి. అంతా అయ్యాక శీర్షిక ప్రకారం సార్ట్ చేస్తే 41, 88, 131 ఒకచోట చేరతాయి. కొత్తలో గంటకు పన్నెండు పదిహేను పేజీలు సాగితే బాగా చేస్తున్నట్టే. అంటే 180 పేజీలకు పన్నెండు నుంచి పదిహేను గంటలు. సరిచూసుకునే టైము ఇందులో కలపలేదు.

ఎక్సెల్ అన్నాను కదా, అందులో ఒక మెలిక ఉంది. గడిలో 41:18 అని కొడితే అది దాన్ని గంటలు, నిమిషాలు అనుకుంటుంది. 3-5 అని కొడితే తేదీ చేసేస్తుంది. టెక్స్ట్‌గా మార్చి కాపాడుకుందామంటే సార్ట్ చేసినప్పుడు 131వ పేజీ 41 కన్నా ముందు వస్తుంది. మొదటి పేజీ, మొదటి లైను, చివరి పేజీ, చివరి లైను అని నాలుగు కాలమ్‌లు విడిగా పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఇంకో తప్పు కూడా తరచూ జరుగుతుంది. తెర మీద PDF చూపించే పేజీ నంబరు, కాగితం మీద అచ్చయిన పేజీ నంబరు ఒకటి కావు. ముందు అట్ట, హాజరైనవాళ్ల పేర్లు ఉంటాయి కనుక రెండు మూడు పేజీల తేడా వస్తుంది. ఎప్పుడూ అచ్చు నంబరే వాడాలి. ఒక షీటులో నాలుగు పేజీలు కుదించి ఇచ్చిన ప్రతి అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

సాక్షి అడిగి ఉంటే, ట్రాన్స్‌క్రిప్టు సిద్ధమైందని కబురు అందాక 30 రోజుల్లో చదువుకుని దిద్దుబాట్లు ఇవ్వొచ్చు. వాళ్ల ఫెడరల్ రూలు 30(e) అది. మన మేనేజరు 88:11లో "రెండు" తీసి "రెండున్నర" అని దిద్దవచ్చు. అప్పుడు మొదటి జవాబు తుడిచేయకూడదు. దాన్ని అలాగే ఉంచి, పక్కన "దిద్దుబాటు పత్రంలో రెండున్నర అన్నాడు" అని రాయాలి. లాయరుకు ఆ మార్పే ఒక ఆయుధం.

ఇక మీతో కాస్త కటువుగానే మాట్లాడాలి. మీ ఉత్తరంలో ఇంగ్లీషు గురించి ఒక్క వాక్యం ఉంది, కోర్టుకు పంపడం ఇష్టంలేదన్న మాట మాత్రం లోపల పొడుగునా ఉంది. ఐదేళ్లు లా చదివించి ఇప్పుడు కోర్టు గుమ్మం తొక్కొద్దంటే ఎలా? 88వ పేజీలో ఆ అభ్యంతరం ఎందుకు చెప్పాడో, 131వ పేజీలో వాళ్ల లాయరు ఎందుకు లేచాడో తెలియాలంటే క్రాస్ ఎగ్జామినేషను కళ్లారా చూడాలి. అది చూడనివాళ్లు పేజీలు తగ్గించగలరు గానీ ఏది ఉంచాలో తేల్చుకోలేరు. ఇంట్లో కూర్చుని చేసే పని కనుక హాయి అనుకోవడమూ పొరపాటే. అమెరికాలో పగలైతే మనకు రాత్రి, గడువులు ఆ టైముకే ఉంటాయి. పైగా సాక్షుల ఆరోగ్య వివరాలున్న కాగితాలు కనుక ఇంట్లో అందరూ వాడే కంప్యూటరు పనికిరాదు.

మన సివిల్ కేసుల్లో చీఫ్, అంటే సాక్షి తన పక్షం తరఫున మొదట చెప్పే సాక్ష్యం, అఫిడవిట్‌గా వస్తుంది. క్రాస్ మాత్రం మామూలుగా ప్రశ్న-జవాబుల్లో కాకుండా కథనంగా రాసుకుంటారు. లైను నంబర్లు ఉండవు, పేజీ, పేరా చూపుకోవాలి. అయినా అవసరం ఒక్కటే. భారతీయ సాక్ష్య అధినియమం 148వ సెక్షను ప్రకారం సాక్షి పాత రాతతోనే అతని మాట తప్పని చూపాలంటే, ముందు ఆ రాతలో ఏ భాగమో అతనికి చూపించాలి. పర్లాకిమిడిలో ఏ సీనియర్ని అడిగినా ఆ భాగాలు వెతికి పెట్టే జూనియరు కావాలంటారు. ఒడియా, ఇంగ్లీషు రెండూ చదవగల పిల్ల దొరికితే వదులుకోరు.

కోర్సుల మీద నాకున్న అనుమానం ఇది. చాలావాటిలో నమూనా ఫారాలు, వీడియోలే ఎక్కువ. మా అమ్మాయి రాసిన సమ్మరీలో ప్రతి రెఫరెన్సూ మూలంతో సరిచూసి దిద్ది వెనక్కిస్తారా, ఎన్ని పేజీల ట్రాన్స్‌క్రిప్టు మీద చేయిస్తారు అని రాతపూర్వకంగా అడగండి. పది పేజీల నమూనా మీద అంటే డబ్బు కట్టకండి. పదిలో అన్నీ కళ్లముందే ఉంటాయి. 41కీ 131కీ మధ్య దూరమే ఈ పనిలోని కష్టం. సాధనకు ఖర్చే అక్కర్లేదు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం మీద జరిగిన దాడి గురించి అమెరికా ప్రతినిధుల సభ కమిటీ తీసుకున్న సాక్ష్యాలు 2022 డిసెంబరు నుంచి అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అవి పేజీ, లైను నంబర్లతోనే ఉన్నాయి.

మరొకటి, కోర్సు అమ్మేవాళ్లు చెప్పనిది. ఎన్‌రోల్ అయిన అడ్వొకేటు పూర్తికాలం జీతానికి పనిచేయకూడదని బార్ కౌన్సిల్ 49వ రూలు. ఇలాంటి సమ్మరీలు చేయించే కంపెనీలో పూర్తికాలం జీతం ఉద్యోగంలో చేరితే ప్రాక్టీసు ఆపుకోవాలి. అందుకే ముందు జూనియర్‌గా చేరనివ్వండి, ఒకటి రెండేళ్లయ్యాక దారి తనే తేల్చుకుంటుంది.

ఈ నెలలో ఆ జనవరి 6 సాక్ష్యాల్లో ఒకటి తీసుకుని మొదటి అరవై పేజీలు సమ్మరీ చేయమనండి. రెండు రోజులు పక్కన పెట్టాక, మీరే ఏవో ఇరవై రెఫరెన్సులు ఏరి ఆ లైన్లు తెరిచి చూడండి. మీకు లా రానక్కర్లేదు, రాసిన మాట ఆ లైన్లలో ఉందా లేదా చూస్తే చాలు. ఇరవైలో రెండు తప్పినా మళ్లీ మొదటి నుంచి చేయించండి.