యావజ్జీవ శిక్ష 14 ఏళ్లకే ముగుస్తుందా?

ప్రశ్న: మా బావగారిని హత్య కేసులో 2011 జూన్ 10న అరెస్టు చేశారు. ఎనిమిది నెలలకు బెయిల్ వచ్చింది. 2013 ఫిబ్రవరి 10న సెక్షన్ 302 కింద యావజ్జీవ శిక్ష పడింది, అప్పటి నుంచి జైల్లోనే ఉన్నారు. మధ్యలో పెరోల్ మీద మొత్తం అయిదు నెలలు ఇంటికి వచ్చారు. పోయిన జూన్‌తో 14 ఏళ్లు నిండాయి కదా, ఎందుకు వదలడం లేదు? పగలు ఒక రోజు, రాత్రి ఒక రోజుగా లెక్కిస్తారని కూడా అంటున్నారు.

జవాబు: ముందు ఆ పగలు, రాత్రి మాట పక్కన పెట్టండి. ఏ చట్టంలోనూ, ఏ జైలు నియమాల్లోనూ అలాంటి లెక్క లేదు. దాన్ని నమ్మి ఏడేళ్లకే మనిషి ఇంటికొస్తాడని ఎదురుచూసే కుటుంబాలు ఉన్నాయి, బాధాకరం.

యావజ్జీవ శిక్ష అంటే ప్రాణం ఉన్నంతవరకు శిక్ష. గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో 1961లోనే సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఇన్నేళ్లు గడిస్తే దానంతటదే ముగిసే శిక్ష కాదిది. ప్రభుత్వం మిగిలిన శిక్షను తగ్గిస్తూ ఉత్తర్వు ఇస్తేనే విడుదల. కొందరు 20 ఏళ్లని చెప్పేది పాత శిక్షాస్మృతి సెక్షన్ 57 చూసి. శిక్షలో సగం, పావు అని లెక్కకట్టాల్సి వచ్చినప్పుడు యావజ్జీవాన్ని 20 ఏళ్లుగా తీసుకోమని మాత్రమే అందులో ఉంది. ఉదాహరణకు యావజ్జీవ శిక్ష పడే నేరానికి ప్రయత్నించిన వాడికి గరిష్ఠంగా అందులో సగం, అంటే పదేళ్లు. ఆ సెక్షన్‌కు విడుదలతో సంబంధం లేదు.

మరి 14 ఎక్కడిది? మరణశిక్ష కూడా విధించదగిన నేరానికి యావజ్జీవం పడితే, కనీసం 14 ఏళ్లు జైల్లో గడపకుండా విడుదల చేయకూడదని 1978లో నేర విచారణ చట్టమైన సీఆర్‌పీసీలో 433ఏ సెక్షన్ చేర్చారు. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇప్పుడది సెక్షన్ 475. హత్య ఆ కోవలోకే వస్తుంది. 14 ఏళ్లకు ముందు వదలవద్దన్న కట్టడిని, 14 ఏళ్లకు వదలాలన్న హక్కుగా జనం తిప్పుకున్నారు. పొరపాటంతా అక్కడే. వరకట్న మరణం కేసులో మరణశిక్ష లేదు కాబట్టి ఈ 14 ఏళ్ల కట్టడి వర్తించదు, అక్కడ రాష్ట్ర ప్రభుత్వ విధానమే చూడాలి.

ఈ 14 కూడా అసలు జైల్లో గడిపిన కాలం కావాలి. మంచి నడవడికకు, పనికి జైలు వాళ్లు ఇచ్చే రెమిషన్, అంటే శిక్ష తగ్గింపు రోజులు ఇందులో కలవవు. మీ బావగారి లెక్క చూద్దాం. తీర్పు నుంచి 14 ఏళ్లంటే 2027 ఫిబ్రవరి 10. విచారణ ఖైదీగా ఉన్న ఎనిమిది నెలలు ఆయనకు కలుస్తాయి కాబట్టి 2026 జూన్ 10కి వెనక్కి వస్తుంది. బెయిల్ మీద బయట ఉన్న ఏడాది కలవదు. పెరోల్ కాలాన్ని కూడా కలపకూడదని 2023లో గోవా ఖైదీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే అయిదు నెలలు ముందుకు జరిపితే 2026 నవంబర్ 10. మీరు అరెస్టు తేదీ నుంచి వరసగా లెక్కపెట్టడం వల్లే తేడా వచ్చింది. జైలు సూపరింటెండెంట్ దగ్గర కస్టడీ సర్టిఫికెట్ తీసుకుని తేదీలు సరిచూసుకోండి.

తీర్పు ప్రతి కూడా ఒకసారి చివరిదాకా చదివించండి. ‘సహజ జీవితాంతం’ అనో, ‘ఇన్నేళ్లపాటు రెమిషన్ లేకుండా’ అనో హైకోర్టు గానీ సుప్రీంకోర్టు గానీ రాసి ఉంటే పై లెక్క పనిచేయదు. అప్పుడు ఆ కాలమంతా మిగిలేది గవర్నర్, రాష్ట్రపతి క్షమాభిక్ష అధికారం మాత్రమే.

అలాంటి మాటలేమీ లేకపోతే, నవంబర్‌కు కొన్ని నెలల ముందే సూపరింటెండెంట్ ద్వారా ముందస్తు విడుదలకు దరఖాస్తు పెట్టించండి. పోలీసుల నివేదిక, శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయం తెప్పించుకుని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. సాధారణంగా ఫైలు ఆగేది ఈ రెండు చోట్లే. ‘నేరం తీవ్రమైనది, వదలరాదు’ అని జడ్జి ఒక్క ముక్కలో రాస్తే సరిపోదు. నేరం తీరు, మళ్లీ చేసే అవకాశం, కుటుంబ స్థితి లాంటివి చూసి కారణాలు రాయాలని 2022లో రామ్ చందర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కారణం లేకుండా తిరస్కరించినా, ఫైలు కదలకపోయినా హైకోర్టులో రిట్ వేయవచ్చు. హైకోర్టు సాధారణంగా తానే విడుదల చేయదు, మళ్లీ పరిశీలించమని ప్రభుత్వాన్ని ఆదేశిస్తుంది. శిక్ష పడిన 2013 నాటి విధానం ఆయనకు వర్తిస్తుంది. తర్వాత వచ్చిన విధానం ఇంకా అనుకూలంగా ఉంటే దాన్నీ కోరవచ్చు.

ఆగస్టు 15, జనవరి 26 సందర్భంగా వచ్చే ప్రత్యేక క్షమాభిక్ష జీవోలు వేరు. అవి రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నర్ పేరిట వస్తాయి కాబట్టి 14 ఏళ్ల కట్టడి వాటికి అడ్డు కాదు. కానీ ప్రతి జీవోలోనూ మినహాయించిన నేరాల జాబితా ఉంటుంది, ముందు దాన్ని చూడండి. లాయర్ ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, ఖైదీకి ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. హెల్ప్‌లైన్ నంబర్ 15100.