రోగం ఆవుకు కాదు, తారీఖులకు

ప్రశ్న: సార్, మాది బెంగళూరు పక్కన హోస్కోటె. హెచ్.ఎఫ్. సంకర ఆవు జనవరి 5న ఈనింది. ఫిబ్రవరి 14, మార్చి 7, ఏప్రిల్ 18, ఏప్రిల్ 29న చూడి కట్టే సూది వేయించాం. మొదటి మూడుసార్లూ పొర్లింది. గర్భసంచిలో చీము ఉందనుకుంటున్నాం. మందుల షాపాయన ఎద సూది ఇస్తే సరిపోతుందంటున్నాడు. ఇప్పించమంటారా?
- పాడి రైతు, హోస్కోటె

జవాబు: వద్దు. ముందు మీ తారీఖులే చూడండి.

ఈనిన 40వ రోజున వేయించిన మొదటి సూది తొందరపాటు. గర్భసంచి కోలుకోవడానికి 60 రోజులైనా ఆగాలి. మార్చి 7 సరైన సమయమే, పైగా ముందు ఎదకు సరిగ్గా 21 రోజులు. అక్కడి నుంచి ఏప్రిల్ 18కి 42 రోజులు, అంటే రెండు 21లు. మార్చి 28 ప్రాంతంలో వచ్చిన ఎద మీ కంట పడలేదన్నమాట. కట్టేసిన ఆవు రాత్రి ఎదకొస్తే ఎవరు చూస్తారు? తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు 20 నిమిషాలు కొట్టంలో నిలబడి చూడండి. తీగలా జారే జిగురు, అరుపు, పక్క ఆవు ఎక్కితే కదలకుండా నిలబడటం. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది.

అసలు చిక్కు ఏప్రిల్ 29. ఎద సాధారణంగా 18 నుంచి 24 రోజులకోసారి వస్తుంది, 11 రోజులకు రాదు. మార్చి 7 నుంచి లెక్కేస్తే 18వ తేదీ వరుసలో ఉంది, 29 లేదు. అది ఎద కాదనే నా అనుమానం. ఎద లేనప్పుడు గర్భసంచిలోకి గొట్టం పెడితే, లేని చీము అప్పుడు పట్టొచ్చు. 18న కట్టి ఉంటే అదీ పోవచ్చు.

షాపుల్లో ఎద సూది పేరుతో ఇచ్చేది ఎక్కువగా ప్రోస్టాగ్లాండిన్. చూడి ఆవుకు వేస్తే ఈసుకుపోతుంది. కడుపులో ఏముందో చెయ్యి పెట్టి చూడని మనిషి కౌంటరు మీద నుంచి ఎలా చెబుతాడు? చీము సంగతీ అంతే. తీగ గాజులా తేటగా ఉంటే మందు అక్కర్లేదు. మబ్బుగా, వాసనతో ఉంటేనే డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు మే 6 నుంచి 12 దాకా కనిపెట్టండి. ఎదకొస్తే సూది వేయించండి. రాకపోతే చూడి కట్టిందని సంబరపడకండి, మార్చిలో లాగే మీ కళ్లే తప్పి ఉండొచ్చు. ఏప్రిల్ 18 నుంచి జూన్ 17కి 60 రోజులు, ఆ రోజు డాక్టరుతో చూడి పరీక్ష చేయించండి.

చూడి తేలితే 18 ఏప్రిల్‌కు 280 రోజులు కలపండి. జనవరి 23 వస్తుంది, అయిదు రోజులు అటూ ఇటూ. అందులోంచి 60 రోజులు వెనక్కి వస్తే నవంబరు 24, ఆ రోజు నుంచి పాలు పిండటం ఆపాలి. మే 9న కట్టితే అన్నీ 21 రోజులు జరపండి: డిసెంబరు 15న పాలు ఆపడం, ఫిబ్రవరి 13న ఈత. గేదె ఉంటే ఈ లెక్క పనికిరాదు, దానికి 310 రోజులు.

మీ గోడ మీది కన్నడ క్యాలెండర్లోనే ఇవన్నీ గుర్తు పెట్టండి. ఎద తర్వాత ఒకటి రెండు రోజులకు రక్తపు చార కనిపిస్తే అదీ రాయండి. అప్పుడు సూది వేయించకండి, ఆ వేళ దాటిపోయింది. అక్కడి నుంచి 19వ రోజున మళ్లీ చూడండి.