ఫ్రీఫామ్ ప్రోగ్రెసివ్ లెన్స్‌కి ఎక్కువ డబ్బు పెడితే స్పష్టమైన వెడల్పు ఎంత పెరుగుతుంది?

“నాకు యాడ్ 2.00. మామూలు ప్రోగ్రెసివ్ కంటే ఫ్రీఫామ్ డిజిటల్ లెన్స్ చాలా వెడల్పుగా కనిపిస్తుందని షాపులో అంటున్నారు. ధరలో పెద్ద తేడా ఉంది. నిజంగా అంత తేడా కనిపిస్తుందా?”

మీ దూరపు పవర్, మీరు ఎంచుకున్న ఫ్రేమ్, ఈ రెండింటిని బట్టే తేడా ఉంటుంది. పైనున్న దూరపు భాగం నుంచి కింది చదివే భాగానికి దిగే మధ్యలోని సన్నని దారిని, అంటే కారిడార్‌ని, ఏ టెక్నాలజీ అయినా కొంత మేరకు మించి వెడల్పు చేయలేదు.

దీనికి కారణం 1963లో మింక్విట్జ్ చూపిన ఒక గణిత నియమం. కారిడార్ వెంట కిందికి పవర్ ఎంత వేగంగా పెరుగుతుందో, పక్కలకు అనవసరపు సిలిండర్, అంటే చూపుని మసకబార్చే పవర్ తేడా, దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుంది. మీ యాడ్, అంటే దగ్గరి చూపుకి కలిపే అదనపు పవర్, 2.00 అన్నారు కాబట్టి, కారిడార్ 14 మి.మీ. అనుకుందాం. కిందికి మిల్లీమీటర్‌కి సుమారు 0.14 డయాప్టర్లు పెరిగితే, పక్కకి 0.28 పైన పెరుగుతుంది. 0.50 డయాప్టర్ల మసక దాకా కన్ను పెద్దగా పట్టించుకోదని లెక్కేస్తే, మధ్య గీతకి ఇటు 1.75, అటు 1.75, మొత్తం మూడున్నర మిల్లీమీటర్లే స్పష్టంగా ఉంటాయి. చిన్న ఫ్రేమ్ తీసుకుని కారిడార్‌ని 11 మి.మీ.కి కుదిస్తే, అది 2.75కి పడిపోతుంది. ఖరీదైన లెన్స్‌కీ ఇదే లెక్క. మసకని లెన్స్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపగలరు, చదివే భాగాన్ని పెంచి దూరపు భాగాన్ని తగ్గించగలరు, అంతే. వెడల్పే ముఖ్యమనుకునేవాళ్లు లెన్స్ గురించి అడిగే ముందు కాస్త ఎత్తున్న ఫ్రేమ్ చూసుకోవడం మంచిది.

మరి ఎక్కువ డబ్బుకి వచ్చేదేంటి? డిజైన్‌లో ఉన్న ఆ మూడున్నర మిల్లీమీటర్లు మీ పవర్‌తో, మీ ముఖం మీద కూడా అలాగే నిలవడం. మామూలు ప్రోగ్రెసివ్‌లో ముందు తలం అచ్చులో ముందే తయారై వస్తుంది. ఒక్కో వంపుని కొన్ని డయాప్టర్ల పరిధి మొత్తానికీ వాడతారు. వెనక తలాన్ని మీ పవర్‌కి సాదాగా అరగదీస్తారు. మీ పవర్ ఆ పరిధి మధ్యలో ఉంటే ఇబ్బంది లేదు. అంచున ఉన్నా, సిలిండర్ ఎక్కువున్నా, పక్కచూపులో అదనపు మసక చేరుతుంది. ఫ్రీఫామ్‌లో తలాన్ని ఒక్కో బిందువు దగ్గరా లెక్కగట్టి చెక్కవచ్చు.

ఒక ఉదాహరణ. దూరపు పవర్ −6.00, యాడ్ 2.00 ఉన్న మనిషి, ముఖం చుట్టూ 15 డిగ్రీలు వంగిన ఫ్రేమ్ తీసుకున్నారు. కారిడార్ మధ్యలో పవర్ −5.00 ఉంటుంది. లెన్స్ అలా వంగి ఉండడం వల్లే అక్కడ దాదాపు 0.36 సిలిండర్ పుడుతుంది. ఇది పక్కల మసకతో కలిసిందంటే, అక్షాలు వేరు కాబట్టి నేరుగా కూడదు గానీ, మూడున్నర కాస్తా సుమారు 2.4 మి.మీ. అవుతుంది. మూడో వంతు పోయినట్టే. ఫ్రేమ్ కొలతలు ఇచ్చి చేయించిన ఫ్రీఫామ్ దీన్ని తిరిగి రాబడుతుంది. అదే +0.50 పవర్, సిలిండర్ లేని కన్ను, చదునైన ఫ్రేమ్ అయితే తిరిగి రాబట్టాల్సిందే దాదాపు ఏమీ లేదు. వాళ్లు మంచి మామూలు డిజైన్ తీసుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక చిక్కుంది. ఫ్రీఫామ్ అనేది చెక్కే పద్ధతి పేరు. పాత డిజైన్‌నే ఆ మెషీన్ మీద చెక్కినా ఫ్రీఫామే అంటారు. అందుకే ఆర్డర్‌లో ఏ కొలతలు వెళ్తున్నాయో అడగండి. ఒక్కో కన్నుకి విడిగా పీడీ, అంటే ముక్కు మధ్య నుంచి కంటిపాప దూరం, ఫ్రేమ్‌లో కంటిపాప ఎంత ఎత్తున పడుతుందో చెప్పే ఫిట్టింగ్ ఎత్తు ఎలాగూ ఉంటాయి. వీటితో పాటు కంటికీ లెన్స్‌కీ దూరం, ఫ్రేమ్ వాలు, ముఖం చుట్టూ దాని వంపు కూడా తీసుకోవాలి. ఈ మూడూ తీయకుండా “మీ కోసమే చేసింది” అంటే సగటు విలువలు వేశారన్నమాట. సరిగా చేసిన లెన్స్ కవర్ మీద సాధారణంగా రెండు వరుసల పవర్లు ఉంటాయి, ఒకటి డాక్టర్ రాసింది, రెండోది సవరించింది. లెన్స్ పవర్ కొలిచే లెన్సోమీటర్‌లో రెండోదే వస్తుంది. చీటీలో లేని చిన్న సిలిండర్ కనిపించినంత మాత్రాన తప్పు చేశారని వెనక్కి పంపకండి.

కొలత తప్పితే మాత్రం ఎంత ఖరీదు పెట్టినా వృథాయే. అడ్డంగా 1 మి.మీ. జరిగితే, ఆ పక్కనున్న 1.75లో సగం పైన పోతుంది. చదవడానికి తల ఒకవైపు తిప్పాల్సి వస్తోందంటే పీడీ అనుమానించండి. గడ్డం బాగా ఎత్తితేనే అక్షరాలు కనిపిస్తే లెన్స్ కిందికి కూర్చుంది. నేరుగా చూస్తే దూరం మసకగా ఉండి, గడ్డం దించితే తేటపడితే పైకి కూర్చుంది. సరిచూడాలంటే లెన్స్‌ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోండి, 34 మి.మీ. దూరంలో రెండు సన్నని చెక్కుడు గుర్తులు కనిపిస్తాయి. వాటి మీద మార్కర్‌తో చుక్కలు పెట్టించి, కంపెనీ చార్టు ప్రకారం ఫిట్టింగ్ క్రాస్ గీయించండి. పెట్టుకుని నేరుగా చూస్తున్నప్పుడు ఆ క్రాస్ కంటిపాప మధ్యలో పడాలి. పడకపోతే ముందు ముక్కు ప్యాడ్లు సర్దించండి, అప్పటికీ కుదరకపోతే లెన్స్ మళ్లీ చేయించమని అడగండి.